ఆ గుడ్డ ఎక్కడ ఆరుతోంది?

నూట ఇరవై మంది ఆడపిల్లలు ఉండే హాస్టల్ ఒకటి హైదరాబాద్‌లో ఉందనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోనో, అమీర్‌పేట వెనకాలో, లేదా ప్రభుత్వమే నడిపే సంక్షేమ హాస్టలో. నెలసరి సగటున ఐదు రోజులు, చక్రం 28 రోజులు అనుకుంటే ఏ రోజు లెక్క తీసినా అక్కడ సుమారు 21 మంది పిల్లలు నెలసరిలో ఉంటారు. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి డాబా మీదికి వెళ్లి దండెం చూడండి. తువ్వాళ్లు ఉంటాయి, చున్నీలు ఉంటాయి, యూనిఫాం చొక్కాలు ఉంటాయి. నెలసరి గుడ్డ ఒక్కటీ కనబడదు. ఆ పిల్లలంతా ప్యాడ్లే వాడుతున్నారనుకోవడానికి అది సాక్ష్యం కాదు. గుడ్డలు ఉన్నాయి, ఎండలో మాత్రం లేవు.

గ్రామాల నుంచి వచ్చి చదువుకునే ఆడపిల్లల నెలసరి ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు అందరి చూపూ ప్యాడ్ల పంపిణీ మీదికే పోతుంది. పంపిణీ కావలసిందే. కానీ ప్యాడ్లు ఇస్తున్న చోట కూడా గుడ్డ ఎందుకు మిగిలిపోతుందో అర్థం కావాలంటే ఒక అమ్మాయి ఐదు రోజుల లెక్క వేయాలి. మొదటి రెండు రోజులు రక్తస్రావం ఎక్కువ. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలంటే రోజుకు నాలుగు కావాలి. తర్వాతి మూడు రోజులకు మూడేసి సరిపోతాయి. మొత్తం 17. ఆంధ్రప్రదేశ్ 2021లో మొదలుపెట్టిన స్వేచ్ఛ పథకంలో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివే ఆడపిల్లకు నెలకు 10 ప్యాడ్లు అనుకున్నారు. కేంద్రం 2011లో తెచ్చిన పథకంలో ఆశా కార్యకర్తలు గ్రామాల్లో అమ్మిన ప్యాకెట్‌లో ఉన్నవి ఆరు. పది ప్యాడ్లు ఠంచనుగా అందినా మొదటి రెండు రోజులకే ఎనిమిది అయిపోతాయి, మిగిలిన రెండూ మూడో రోజు మధ్యాహ్నం దాటవు. అక్కడి నుంచి ఆ అమ్మాయి చేసేది రెండింటిలో ఒకటి. ఒక్క ప్యాడ్‌నే పది పన్నెండు గంటలు ఉంచుకుంటుంది, లేదంటే అమ్మ సంచిలో పెట్టి పంపిన పాత చీర గుడ్డ బయటికి తీస్తుంది.

మన హాస్టల్లోనూ తలా పదే అందుతాయనుకుని నూట ఇరవై మందికీ కలిపి చూస్తే నెలకు తక్కువ పడేవి 840. జన్ ఔషధి కేంద్రాల్లో 2019 ఆగస్టు నుంచి ప్యాడ్ ధర ఒక్క రూపాయి. ఆ ధరకు దొరికితే మొత్తం హాస్టల్ లోటు 840 రూపాయలు. మామూలు దుకాణంలో ఒక్కోటి ఆరు రూపాయలనుకుంటే ఐదు వేలు దాటుతుంది. ప్రైవేటు హాస్టల్లో ఈ ఖర్చు పిల్లదే, యాజమాన్యానిది కాదు. నెలకు ఇంటి నుంచి లెక్క చూసి వచ్చే డబ్బుల్లో బస్సు పాసు, జిరాక్సులు, రీఛార్జి ముందు వరసలో ఉంటాయి. కాబట్టి గుడ్డ అనేది ప్యాడ్ దొరకని ఊళ్లలో మిగిలిపోయిన పాత అలవాటు మాత్రమే కాదు. ప్యాడ్లు అందుతున్న నగరంలో కూడా నెలసరి రెండో సగం దాని మీదే గడుస్తుంది.

ఇక్కడే సర్వేల లెక్క ఒక తప్పుదారి పట్టిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15-24 ఏళ్ల యువతులను ఏం వాడతారని అడిగింది. ప్యాడ్, స్థానికంగా తయారైన న్యాప్‌కిన్, టాంపన్, కప్పు వాడితే శుభ్రమైన పద్ధతి కింద రాసుకుంది. దేశం మొత్తం మీద 78 శాతం ఆ గడిలోకి వచ్చారు. అదే సర్వేలో గుడ్డ కూడా వాడతామన్నవాళ్లు దాదాపు సగం మంది. అంటే ఎందరో రెండూ వాడుతున్నారు. ప్యాడ్ పేరు చెప్పిన అమ్మాయి దాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా మార్చకపోయినా శుభ్రమైన పద్ధతే. రోజూ ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ వాడిన అమ్మాయి మాత్రం ఆ గడిలోకి రాదు. సర్వే వస్తువును అడుగుతోంది, అది ఎక్కడ ఆరిందో అడగడం లేదు. అసలు ప్రమాదం ఉన్నది ఆ రెండో ప్రశ్నలో.

ఒడిశాలో ఆసుపత్రికి వచ్చిన 558 మంది మహిళలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం దీన్ని కొంత తేటపరిచింది. ఉతికి మళ్లీ వాడే గుడ్డలు వాడేవాళ్లలో కాండిడా అనే ఫంగస్ ఇన్ఫెక్షన్ ఎక్కువ కనిపించింది. అయితే ఆ మహిళల్లో కూడా గుడ్డను ఇంటి లోపల ఆరబెట్టేవారికి, మరుగుదొడ్డిలో దాచుకునేవారికి ప్రమాదం మరింత పెరిగింది. ఫంగస్‌కు కావలసింది చెమ్మ, వెచ్చదనం, గాలి ఆడని చోటు. సగం ఆరిన గుడ్డను మడిచి పరుపు కింద పెడితే మూడూ ఒక్కచోట దొరుకుతాయి. ఒక అధ్యయనంతో కారణం ఇదేనని తేల్చి చెప్పేయలేం గానీ, గుడ్డను నిందించే ముందు దండెం వైపు చూడాలనడానికి అది చాలు.

మరి నగరపు హాస్టల్లో గుడ్డ ఎండ మొహం ఎందుకు చూడదు? సిగ్గు వల్ల అని చెప్పేస్తే తేలికే. సిగ్గు ఉంది కూడా. కానీ ఒక్క రోజును పొద్దున్నుంచి రాత్రిదాకా గమనిస్తే సిగ్గు కంటే ముందు గడియారం అడ్డం వస్తోందని తెలుస్తుంది.

మనం అనుకున్న హాస్టల్లో పనిచేసే మరుగుదొడ్లు ఎనిమిది ఉన్నాయనుకోండి. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా అందరూ తయారవ్వాలి. ఒక్కో దొడ్డికి 15 మంది, రెండు గంటలు. ఒక్కొక్కరికి దక్కేది ఎనిమిది నిమిషాలు, స్నానం కూడా అక్కడే అయితే అందులోనే. బయట బకెట్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి తలుపు తడుతూనే ఉంటుంది. నెలసరిలో ఉన్న అమ్మాయి గుడ్డ మార్చుకుని, తీసినదాన్ని నానబెట్టి, సబ్బు పెట్టి, రెండుసార్లు జాడించాలంటే ఎంత త్వరగా చేసినా పది పన్నెండు నిమిషాలు. అందుకే ఆమె ఉతకదు. తీసిన గుడ్డను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పెట్టెలో అడుక్కి తోసి కాలేజీకి పోతుంది. సాయంత్రం వచ్చేసరికి రక్తం గుడ్డలో ఎండిపోయి పట్టేసి ఉంటుంది. అప్పటికి స్టడీ అవర్. అది అయ్యాక భోజనం. భోజనం అయ్యాక దొడ్లు ఖాళీ అవుతాయి, తొమ్మిదిన్నరకో పదింటికో ఆమె ఆ కవరు తీసుకుని వెళ్తుంది. పొద్దున పోయే మరక ఇప్పుడు రెండింతలు రుద్దితే గానీ పోదు, ఆ వేళకు మోటరు వేయకపోతే నల్లాలో నీళ్లు కూడా సన్నగా వస్తాయి. ఎలాగో ఉతికినా డాబా తలుపుకు తాళం. ఇక గుడ్డ మంచం కమ్మికి, తువ్వాలు కింద, గోడకూ మంచానికీ మధ్య సందులో వేలాడుతుంది. తెల్లారేసరికి పైన ఆరినట్టుంటుంది, లోపల చెమ్మ ఉంటుంది. నాలుగో రోజు, తప్పదు గనక, ఆ చెమ్మ గుడ్డే మళ్లీ కట్టుకుంటుంది.

తాళం తీయమని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "మీదికి ఎందుకమ్మా? పక్క బిల్డింగోళ్లు చూస్తరు, వాచ్‌మన్ తిరుగుతుంటడు, ఏదన్నా అయితే నేను చెప్పుకోవాలె." ఈ మాటలో భయం అబద్ధం కాదు. వార్డెన్ మీద ఉన్న బాధ్యత నిజమైనదే. అందుకే పరిష్కారం పిల్లలకు ధైర్యం చెప్పడంలో లేదు, డాబా మీద చేయాల్సిన ఏర్పాటులో ఉంది. దాని సంగతికి ముందు గుడ్డ ఉతకడం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో నగరానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది.

రక్తం పట్టిన గుడ్డకు మొదట చన్నీళ్లే పోయాలి. వేడినీళ్లు పోస్తే రక్తంలోని మాంసకృత్తులు గడ్డకట్టి నూలును పట్టుకుంటాయి, మరక శాశ్వతమవుతుంది. పది నిమిషాలు చన్నీళ్లలో నానితే సగం పని అయిపోతుంది. తర్వాత సబ్బు. ఇక్కడే బోరు నీళ్లు అడ్డం పడతాయి. హైదరాబాద్‌లో చాలా హాస్టళ్లు వాడకానికి బోరు నీళ్ల మీదో ట్యాంకర్ల మీదో ఆధారపడతాయి. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే బట్టల సబ్బు నురగ రాదు, సబ్బూ సున్నమూ కలిసి తెల్లటి జిగురులాంటి పొరగా మారి నూలు పోగుల్లో దిగిపోతుంది. నాలుగైదు ఉతుకులకు గుడ్డ అట్టలా బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన గుడ్డ తడి పీల్చుకోదు, తొడలు ఒరుసుకుపోయేలా చేస్తుంది. ఊళ్లో మెత్తగా ఉన్న గుడ్డ సిటీకొచ్చాక ఎందుకు గుచ్చుకుంటోందో పిల్లకు అర్థం కాదు, తానే సరిగ్గా ఉతకలేదనుకుంటుంది. తప్పు ఆమెది కాదు, నీళ్లది. బోరు నీళ్లయితే సబ్బుబిళ్ల బదులు డిటర్జెంట్ పొడి కొద్దిగా వాడటం మేలు, అది ఆ పొరను కట్టదు. కానీ పొడి గుడ్డలో మిగిలితే మంట పుడుతుంది కాబట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. హాస్టల్‌కు మంజీరా నీళ్ల కనెక్షన్ ఉంటే చివరి జాడింపుకు ఆ నీళ్లు ఒక మగ్గు దొరికినా తేడా తెలుస్తుంది. డెటాల్ లాంటివి రోజూ పోయాల్సిన పని లేదు, చర్మం చెడుతుంది. పరిమళం కోసం పోసే కండిషనర్ అసలే వద్దు, దాంతో నూలు తడి పీల్చడం మానేస్తుంది.

ఇక ఆరడం. ఎండలో రెండు పనులు జరుగుతాయి, చెమ్మ పోతుంది, గుడ్డ వేడెక్కుతుంది. ఎండలోని అతినీల కిరణాలు క్రిములను చంపుతాయన్నది నిజమే గానీ అవి తగిలేది పైపొరకే. నాలుగు మడతలేసి దండెం మీద పడేసిన గుడ్డ లోపలికి అవి చేరవు. అందుకే గుడ్డను ఒక్క పొరగా, వెడల్పుగా విప్పి వేయాలి, మధ్యలో ఒకసారి తిరగేయాలి. మార్కెట్లో దొరికే కుట్టిన గుడ్డ ప్యాడ్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఆరేడు పొరలు కలిపి మందంగా కుట్టేసిన ప్యాడ్ బయట ఎండినా నడుమ రోజంతా పచ్చిగానే ఉంటుంది. పై తొడుగు విడిగా, లోపలి గుడ్డ మడత విప్పేలా ఉన్న రకం చాలా త్వరగా ఆరుతుంది. హాస్టల్ పిల్లకు కొనిచ్చేటప్పుడు చూడాల్సింది ఈ ఒక్క సంగతే. ఉతికి వాడే ప్యాడ్లకు 2021లో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది, దాని సంఖ్య ఐఎస్ 17514.

ఆరిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలియదు. అరచేతి కంటే చెంప నయం. గుడ్డలో అన్నిటికంటే మందంగా ఉన్న చోటు, అంటే కుట్టు దగ్గరో అంచు మడత దగ్గరో, చెంపకు ఆనించి ఒక క్షణం ఆగాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఆవిరవుతున్న నీరే ఆ చల్లదనం. గది వేడికి సమానంగా, ఏమీ అనిపించకుండా ఉంటే ఆరినట్టు. ఆరిన గుడ్డను నూలు సంచిలో పెట్టుకోవాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే గాల్లోని చెమ్మే చాలు ముక్కవాసన రావడానికి. ఉతికి ఆరేసిన తర్వాత కూడా ముక్కవాసన వస్తుంటే, బిరుసు తగ్గకపోతే, నూలు పలచబడి అవతలి వెలుగు కనిపిస్తుంటే ఆ గుడ్డ మార్చేయాలి. మరక మిగిలినంత మాత్రాన పారేయనక్కర్లేదు.

మన హాస్టల్ లెక్కకు మళ్లీ వద్దాం. ప్యాడ్లు అయిపోయాక ఒక్కో అమ్మాయి నెలకు ఏడు గుడ్డలు ఉతుకుతుంది. మొత్తం 840. రోజుకు 30. ఒక్కోటి విప్పి ఆరేయడానికి దండెం మీద అర మీటరు పట్టినా రోజుకు 15 మీటర్లు చాలు. ముసురు రోజుల్లో ఆరడానికి రెండు రోజులు పడితే 30 మీటర్లు. నీళ్లు కూడా పెద్ద సమస్య కాదు. ఒక రోజున గుడ్డ వాడే పిల్లలు పదమూడు మంది, తలా ఒక బకెట్ అనుకుంటే 200 లీటర్లు. డాబా మీద ఉండే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులో ఐదో వంతు. అంటే కొరత తాడుదీ నీళ్లదీ కాదు. మరుగు ఉన్న ఎండ లేదు, తలుపు తట్టని చోటు లేదు.

తలుపు తట్టని చోటు అంటే ఉతకడానికి మరుగుదొడ్డితో పనిలేని జాగా. రెండు నల్లాలు, నడుమెత్తు గోడ, ఒక తలుపు, లోపల గడియ, నీళ్లు మోరీలోకి పోయేలా వాలు గచ్చు. ఇది ఉంటే నెలసరిలో ఉన్న అమ్మాయి దొడ్డిలో ఎనిమిది నిమిషాల్లో మార్చుకుని బయటికి వచ్చి, ఇక్కడ పది నిమిషాలు ఉతుక్కోవచ్చు. వరస కదులుతుంది, గుడ్డ పొద్దున్నే తడుస్తుంది, మరక పట్టదు, రోజంతా ఎండ దొరుకుతుంది. పైన చెప్పిన గొలుసు మొత్తం ఈ ఒక్క చోట తెగుతుంది. కొత్త మరుగుదొడ్లు కట్టడానికి స్థలం లేదనే హాస్టళ్లకు కూడా ఇది సాధ్యమే.

మరుగుదొడ్డి లోపలికి వస్తే, టైల్స్ ఎంత తెల్లగా ఉన్నాయన్నదాని కంటే గోడకు ఒక మేకు ఉందా అన్నది ముఖ్యం. మార్చుకునే అమ్మాయి చేతిలో ఆ క్షణాన మూడు వస్తువులుంటాయి. శుభ్రమైన గుడ్డో ప్యాడో, తీసినది, పైకెత్తి పట్టుకున్న బట్టలు. కింద తడి నేల. మేకు గానీ చిన్న అరుగు గానీ లేకపోతే శుభ్రమైన గుడ్డను పళ్ల మధ్య పట్టుకోవాలి, లేదా నల్లా మీద వేయాలి, అక్కడే అది తడుస్తుంది. గడియ సరిగ్గా పడకపోతే ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టాలి. రాత్రి బల్బు లేకపోతే మరక ఎక్కడుందో కనిపించదు. ఇవన్నీ వెతుక్కోవడం ఇష్టం లేని పిల్ల కాలేజీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా, దొడ్డికి పోకుండా ఉగ్గబట్టుకుంటుంది. మూత్రంలో మంట మొదలయ్యేది చాలాసార్లు అక్కడే, నింద మాత్రం ప్యాడ్ మీదికో గుడ్డ మీదికో పోతుంది.

ఊళ్లో పరిస్థితి దీనికి తలకిందులు. పెరడుంది, ఎండ ఉంది, బావి దగ్గరో బోరింగు దగ్గరో నీళ్లున్నాయి. లేనిది మరుగు. మగవాళ్ల కంట పడకూడదన్న మాట పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగిన పిల్ల గుడ్డను చూరులో దోపుతుంది, పశువుల కొట్టంలో వేలాడదీస్తుంది, ఆరేసిన చీర కింద దాస్తుంది. దుమ్మూ పురుగూ చెమ్మా అక్కడే చేరతాయి. ఊళ్లో ప్యాడ్లకు మారిన ఇళ్లలో ఇంకో చిక్కు వచ్చింది. స్వచ్ఛ భారత్ కింద కట్టుకున్న గుంట మరుగుదొడ్లలో వాడిన ప్యాడ్ వేస్తే అది కుళ్లదు, నీళ్లు పీల్చి ఉబ్బి గొట్టానికి అడ్డం పడుతుంది. దొడ్డి మూసుకుపోయాక ఇంటిల్లిపాదీ మళ్లీ పొలం గట్టుకే. అందుకే ప్యాడ్ ఇచ్చేవాళ్లు దాన్ని ఎక్కడ వేయాలో కూడా చెప్పి, మూత ఉన్న డబ్బా చూపించాలి. హాస్టల్లో అయితే ప్రతి దొడ్డిలో మూత డబ్బా, రోజూ ఖాళీ చేసే మనిషి, ఆ మనిషి చేతికి గ్లౌజులు. కాగితంలో చుట్టి వేయడం ఆ మనిషి కోసమే.

డాబా సంగతికి వస్తే చేయాల్సింది కొంచెమే. ఎండ ఎక్కువసేపు పడే మూల చూసి మూడు వైపులా ఐదడుగుల ఎత్తున పాత చీరలు గానీ వెదురు తడికలు గానీ కట్టాలి. పైన వెలుగు వచ్చే ప్లాస్టిక్ రేకు వేస్తే వాన పడదు, వేడి నిలుస్తుంది. తడిక కింద జానెడు ఖాళీ వదలాలి, గాలి ఆడకపోతే రేకు కింద చెమ్మే మిగులుతుంది. తాడు రెండు వరసలు, ప్రతి అమ్మాయికీ తన గుర్తు ఉన్న క్లిప్పులు, లేకపోతే ఒకరిది ఒకరు తీస్తారేమోనన్న భయంతో ఎవరూ ఆరేయరు. తాళం పొద్దున ఆరున్నరకు తీసి ఎనిమిదికి వేయాలి, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా మళ్లీ తీయాలి. ఆ వేళల్లో డాబా మీద ఆయమ్మ ఉంటే చాలు, వార్డెన్ భయానికీ జవాబు దొరుకుతుంది.

ఇది అన్ని రోజులూ పనిచేయదు. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పడితే రేకు కింద కూడా ఆరదు. ఆ రోజుల్లో ఫ్యాను కింద ఒక్క పొరగా వేసి, చాలావరకు ఆరాక ఇస్త్రీ పెట్టి చివరి చెమ్మ తీయాలి. పచ్చి గుడ్డ మీద ఇస్త్రీ పెడితే పైన పొడి, లోపల ఆవిరి మిగులుతుంది. ఇస్త్రీకీ వీలు లేకపోతే, నీళ్లు రాకపోతే, పరీక్షల వారంలో ఉతికే తీరిక లేకపోతే ఆ రోజులకు ప్యాడ్లే ఇవ్వాలి. హాస్టల్ అదనపు ప్యాడ్లను నెలవారీగా సమానంగా పంచే బదులు జులై నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ దొరికేలా దాచుకోవడం తెలివైన పని. రక్తస్రావం ఎక్కువయ్యే పిల్లలకు గుడ్డ సరిపోదు. గంటకో రెండు గంటలకో మార్చాల్సి వస్తుంటే అది డాక్టరుకు చూపించాల్సిన విషయం. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, మామూలు కంటే వేరే వాసన ఉంటే కూడా అంతే. తొడల దగ్గర మాత్రమే ఎర్రబడితే అది చాలాసార్లు ఒరుపే, గుడ్డ మెత్తబడితే తగ్గుతుంది.

ఏర్పాటు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పిల్లలను వరసగా నిలబెట్టి అడగక్కర్లేదు, అడిగినా చెప్పరు. ఆయమ్మ సాయంత్రం తాళం తీసినప్పుడు తడిక వెనక తాడు మీద గుడ్డలు ఎన్ని ఉన్నాయో ఒకసారి కళ్లతో లెక్కపెడితే చాలు. 120 మంది హాస్టల్లో ముప్ఫైకి దగ్గరగా ఉంటే పిల్లలు ఆ చోటును నమ్ముతున్నట్టు. నాలుగైదే ఉంటే, మిగతావి ఇంకా మంచం కమ్ములకే వేలాడుతున్నాయి.